రోయాస్ నాలుగు వచ్చిందంట. మరి కొబ్బరి కిలో ఎంతకి పోయింది?

కాస్త పెద్ద పోస్టు. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో యాడ్లు పెట్టి గానుగ నూనె అమ్ముతున్నవాళ్లు, అమ్ముదామనుకుంటున్నవాళ్లు తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

ఈ మధ్య అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎటు చూసినా ఒకటే మాట వినపడుతుంది. దళారీ వద్దు, అంబాజీపేట మార్కెట్ వద్దు, మన కొబ్బరి మనమే నూనె తీసి హైదరాబాద్‌కి, బెంగళూరుకి నేరుగా అమ్ముకుందాం అని. మాట మంచిదే, నేనేం కాదనను. నా గొడవంతా ఈ మాట చెప్పి ఫీజు పుచ్చుకునే వాళ్లతోనే. వాళ్లు ఫోన్ తీసి ఒక స్క్రీన్ చూపిస్తారు. అందులో `Purchase ROAS` అని ఒక గడి, దాని కింద 4.00 అని ఉంటుంది. "చూసారా అండి, రూపాయి పెడితే నాలుగు రూపాయలు వచ్చాయి" అంటారు. దీన్నే రోయాస్ అంటున్నారు. యాడ్ మీద పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయల అమ్మకం వచ్చిందనే లెక్క.

ఆ నాలుగు అబద్ధమని నేను అనట్లేదు. స్క్రీన్ మీద ఉన్నది నిజంగానే ఉంది. కానీ అది లాభం కాదు. అసలు అమ్మకం కూడా కాదు. అది ఆర్డరు, అంతే. చెట్టు మీద గెలలు లెక్కపెట్టి, దింపు కాకముందే డబ్బులు పుస్తకంలో రాసుకున్నట్టు.

ఎలాగో చెప్తాను. మన వెబ్‌సైట్‌లో ఒకాయన నూనె సీసా ఆర్డర్ పెట్టి, డబ్బులు వచ్చాక ఇస్తాను అనే క్యాష్ ఆన్ డెలివరీ నొక్కుతాడు. "మీ ఆర్డర్ అందింది, ధన్యవాదాలు" అన్న పేజీ తెరుచుకోగానే అక్కడి నుంచి ఫేస్‌బుక్‌కి కబురు వెళ్తుంది, 600 రూపాయల కొనుగోలు అయింది అని. ఫేస్‌బుక్‌కి తెలిసింది అంతే. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తకపోయినా, పార్సెల్ గుమ్మం దాకా వెళ్తే వద్దని తిప్పి పంపినా, సీసా కారిపోయి మనం డబ్బులు తిరిగి ఇచ్చినా, ఆ 600 ఆ స్క్రీన్ మీద అలాగే ఉంటుంది. ఆ నూనెకి కొబ్బరి ఎంత పోసారో, గానుగకి ఎంత ఇచ్చారో ఆ స్క్రీన్‌కి ముందే తెలీదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఇది ఎవరో ఒకరి పుస్తకంలోది కాదు. అందరికీ తేలిగ్గా అర్థం అవ్వాలని గుండ్రటి అంకెలు వేసాను. మీ రేట్లు మీరు మార్చుకుని చూసుకోండి, దారి మాత్రం ఇదే.

లీటరు గానుగ కొబ్బరినూనె 600 రూపాయలు, డెలివరీ ఉచితం. నెలలో యాడ్లకి `Amount spent` దగ్గర 30,000 చూపించింది. 200 ఆర్డర్లు వచ్చాయి. 200 ఇంటూ 600, లక్షా ఇరవై వేలు. దాన్ని 30,000తో భాగిస్తే నాలుగు. ఆ స్క్రీన్ తీసి గ్రూపులో పెడితే అందరూ చప్పట్లు కొడతారు.

ముందు ఒక సీసా మన చేతిలో ఎంత పడిందో చూద్దాం. లీటరు నూనెకి సుమారు కిలోన్నర పైన, 1.55 కిలోల ఎండు కొబ్బరి పడుతుందనుకుందాం. కిలో 150 వేసుకుంటే 232 రూపాయలు. గానుగ ఖర్చు 30. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె, చుట్టే ప్లాస్టిక్ కలిపి 40. మొత్తం 302. గానుగ చెక్క పశువుల మేతకి అమ్మితే ఒక 12 వెనక్కి వస్తుంది. సీసా 290 పడింది. "600కి అమ్ముతున్నాం, 290 పడింది, 310 మిగులు" అనుకుని సగం మంది ఇక్కడే ఆగిపోతారు.

ఇప్పుడు ఆ 200 ఆర్డర్ల వెనకాల నడుద్దాం. ఫోన్ చేసి అడిగితే 20 మంది వద్దన్నారు, లేదా తప్పు నంబరు. మిగిలిన 180 పార్సెళ్లు పంపాం. అందులో 45 తిరిగి వచ్చేసాయి. ఇంట్లో లేరు, డబ్బులు లేవు, ఎవరు పెట్టారో తెలీదు, ఇలా. 135 మందికి చేరాయి. ఆ 135లో 5 సీసాలు కారిపోయాయని ఫోటో పెడితే డబ్బులు తిరిగి ఇచ్చేసాం. చివరికి డబ్బు నిలబడింది 130 సీసాలకి. 130 ఇంటూ 600, 78,000. స్క్రీన్ మీద లక్షా ఇరవై వేలు, చేతికొచ్చింది డెబ్భై ఎనిమిది వేలు.

ఖర్చులు చూడండి. చేరిన 135 సీసాలు, సీసా 290 చొప్పున 39,150. తిరిగొచ్చిన 45లో 10 సీసాలు దారిలో పాడయ్యాయి, అది 2,900. మిగిలిన 35 సీసాలు బాగానే ఉన్నాయి, కానీ పెట్టె మార్చి మళ్లీ కట్టాలి, సీసాకి 20 చొప్పున 700. సరుకు ఖర్చు మొత్తం 42,750.

కొరియర్ వెళ్లడానికి పార్సెల్‌కి 90 చొప్పున 180కి 16,200. గుమ్మం దగ్గర డబ్బు వసూలు చేసినందుకు వాళ్లు తీసుకునేది 30 చొప్పున 135కి 4,050. తిరిగి వచ్చిన 45కి వెనక్కి తెచ్చిన ఛార్జీ 80 చొప్పున 3,600. మొత్తం 23,850. ఇక్కడ ఒకటి గమనించండి. పార్సెల్ తిరిగొస్తే అమ్మకం పోవడమే కాదు, పోను ఛార్జీ, రాను ఛార్జీ రెండూ మనమే కట్టాలి.

యాడ్ల ఖర్చు 30,000 కాదు. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంది. స్క్రీన్ మీద చూపించే దాంట్లో అది కలవదు, బిల్లులో కనపడుతుంది. కాబట్టి 35,400. జీఎస్టీ నంబరు ఉండి పద్ధతిగా లెక్కలు కట్టేవాళ్లు ఆ పన్ను వెనక్కి వేసుకోవచ్చు. నంబరు లేని చిన్న రైతుకి అది పూర్తిగా ఖర్చే.

సరుకు 42,750, కొరియర్ 23,850, యాడ్లు 35,400. మూడూ కలిపితే లక్షా రెండు వేలు. వచ్చింది 78,000. నష్టం 24,000 రూపాయలు. రోయాస్ నాలుగు! ఇంట్లో ఆడవాళ్లు కూర్చుని పెట్టెలు కట్టిన కూలి, ఫోన్లు మాట్లాడిన కుర్రాడి జీతం, యాడ్లు నడిపిన ఏజెన్సీ ఫీజు ఇందులో వేయలేదండోయ్.

మరి ఇదే లెక్కలో నష్టం లేకుండా ఉండాలంటే రోయాస్ ఎంత రావాలి? వచ్చిన 78,000లో సరుకు, కొరియర్ తీసేస్తే మిగిలింది 11,400. యాడ్లకి పెట్టగలిగింది అంతే, అదీ పన్నుతో కలిపి. పన్ను తీస్తే సుమారు 9,660. లక్షా ఇరవై వేలని దాంతో భాగిస్తే 12 దాటుతుంది. అంటే ఈ వ్యాపారంలో రోయాస్ 12 పైన వస్తే గానీ అసలు నిలబడదు. నాలుగు వచ్చిందని చప్పట్లు కొడుతున్నాం. ట్రైనింగుల్లో "మూడు దాటితే బాగున్నట్టే" అని అందరికీ ఒకే అంకె చెప్తారు. చీరకీ అదే, నూనెకీ అదే, పచ్చడికీ అదేనా? సరుకు మీద మిగులు ఎంత, బరువు ఎంత, ఎన్ని తిరిగొస్తాయి అన్నది తెలీకుండా ఆ అంకె ఎలా చెప్తారండి?

ఇక్కడ ఒక సందేహం రావాలి. నెలకి 24,000 పోతుంటే మనిషికి తెలీదా? తెలీదు. రైతుకి మరీ తెలీదు. దానికి రెండు కారణాలు.

మొదటిది, మన కొబ్బరికి మనం ధర వేసుకోం. తోటలోదే కదా, కొన్నది కాదు కదా అంటాం. పై లెక్కలో పోయిన సీసాలు, చేరినవీ పాడైనవీ కలిపి 145. వాటికి వాడిన ఎండు కొబ్బరి సుమారు 225 కిలోలు, విలువ 33,640. ఇది ఖర్చులో రాయకపోతే ఏమవుతుంది? 24,000 నష్టం కాస్తా 9,640 లాభంగా కనపడుతుంది. ఆ రైతు అబద్ధం చెప్పట్లేదు, ఆయన చేతిలో నిజంగానే తొమ్మిది వేల చిల్లర మిగిలింది. కానీ ఆ 9,640ని 225 కిలోలతో భాగించి చూడండి. కిలో 43 రూపాయలు కూడా పడలేదు. బజారులో 150 పలికే సరుకుని, గానుగ ఆడించి, సీసాల్లో పోసి, పెట్టెలు కట్టి, ఫోన్లు చేసి, 43కి ఇచ్చేసాడు. 2025 సీజనుకి నూనె తీసే కొబ్బరికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధరే క్వింటాలుకి 11,582 రూపాయలు, అంటే కిలో 115 పైమాట. ఏ దళారీ అయినా కిలో 43కి అడిగితే మనం ఊరుకుంటామా? కొట్టినంత పని చేస్తాం. ఫోన్ స్క్రీన్ అడిగితే మాత్రం నవ్వుతూ ఇచ్చేస్తున్నాం. ఆ కొబ్బరి వెనక దింపు కూలి, ఒలుపు కూలి, ఎరువు, నీరు అన్నీ ఉన్నాయి. తోటలోది కాబట్టి ఉచితం కాదు.

రెండోది, డబ్బు కదిలే వరస. యాడ్ డబ్బు వెంటవెంటనే కార్డు నుంచి కోసేసుకుంటారు. గుమ్మం దగ్గర వసూలైన డబ్బు కొరియర్ వాళ్లు వారం, పది రోజులకి గానీ వేయరు. తిరిగొచ్చే పార్సెళ్లు రెండు మూడు వారాలకి నెమ్మదిగా వస్తాయి. కాబట్టి నెలాఖరుకి చూస్తే ఆర్డర్లు బాగున్నాయి, బ్యాంకులో డబ్బు లేదు, "ఇంకా రావాల్సింది ఉందిలే" అనుకుంటాం. ఈలోపు యాడ్ నడిపేవాడు "బాగా నడుస్తుంది, బడ్జెట్ పెంచండి" అంటాడు. పెంచితే కొత్త ఆర్డర్ల హడావుడిలో పాత నష్టం కప్పబడిపోతుంది. యాడ్లు ఆపిన నెలలో గానీ అసలు సంగతి బయటపడదు. పెంచమన్న వాళ్లలో చాలామందికి మీరు యాడ్ మీద పెట్టే ఖర్చులో ఇంత శాతం అని ఫీజు వస్తుంది. మీ లాభంలో శాతం తీసుకుంటానన్న వాణ్ని నేనింకా చూడలేదు.

మరి సరుకు మన నూనె లాంటిది కాకపోతే? ఆత్రేయపురం పూతరేకులు చూడండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు దేశమంతా తెలుసు, ఆర్డర్లకి లోటుండదు. కానీ తిరిగొచ్చిన నూనె సీసాకి పెట్టె మార్చి మళ్లీ పంపొచ్చు. రెండు వారాలు లారీల్లో తిరిగొచ్చిన పూతరేకుల పెట్టెని ఏం చేస్తారు? పొడి అయిపోయి ఉంటుంది, నెయ్యి వాసన మారి ఉంటుంది. పెట్టెకి పెట్టెా నష్టం రాసుకోవాల్సిందే. కాబట్టి అలాంటి సరుకుకి తిరిగి రావడమన్నది నూనెకన్నా పెద్ద దెబ్బ. స్క్రీన్ మీద మాత్రం రెంటికీ అదే నాలుగు.

యాడ్ల వాళ్లు దీనికి ఒక జవాబు చెప్తారు, దాన్ని కొట్టిపారేయకూడదు. "మొదటిసారి నష్టం వచ్చినా పర్లేదండి, నూనె అయిపోతే మళ్లీ మన దగ్గరే కొంటారు, అప్పుడు యాడ్ ఖర్చు ఉండదు" అంటారు. ఇది కొంతవరకు నిజం. కానీ ఎంతవరకో లెక్క కడదాం. పాత కొనుగోలుదారు వాట్సాప్‌లో అడిగి ముందే డబ్బు పంపి కొంటే 600లో సీసా 290, కొరియర్ 90, డబ్బు పంపే సర్వీసు ఖర్చు ఒక 14 పోతే 206 మిగులుతుంది. 24,000 నష్టం పూడాలంటే 206 చొప్పున 117 సీసాలు మళ్లీ అమ్మాలి. మనకి నిలబడిన కొనుగోలుదారులు 130 మంది. అంటే వాళ్లలో 117 మంది ఇంకోసారి కొంటే సున్నాకి వస్తాం. లాభానికి కాదు, సున్నాకి. మీ దగ్గర అలా కొంటున్నారా? పుస్తకం తీసి ఫోన్ నంబర్లు చూడండి. ఒకే నంబరు రెండుసార్లు ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టండి. ఉంటే సంతోషం, యాడ్లు పెట్టుకోండి. లెక్కపెట్టకుండా "మళ్లీ కొంటారులే" అంటే మాత్రం నేనొప్పుకోను.

ఇంకో సంగతి చెప్తాను, ఇది విన్నాక రోయాస్ మీద నమ్మకం పోతుంది. తిరిగొచ్చేవి తగ్గించాలని ఆర్డరుకి ముందుగా 100 రూపాయలు కట్టమన్నామనుకోండి. ఊరికే నొక్కేవాళ్లు పోతారు. అదే 30,000 యాడ్‌కి 200 ఆర్డర్లు కాస్తా 120కి పడ్డాయి. రోయాస్ 4 నుంచి 2.4కి దిగిపోయింది. యాడ్ నడిపేవాడు లబలబలాడతాడు. కానీ ఆ 120లో 6 మాత్రమే తిరిగొచ్చి, 4 సీసాలకి డబ్బు వాపసు ఇచ్చామనుకుంటే, పై రేట్లతోనే లెక్క కట్టి చూడండి. నష్టం 24,000 నుంచి సుమారు 17,000కి తగ్గుతుంది. రోయాస్ పడింది, నష్టం తగ్గింది. రెండూ ఎదురెదురుగా నడిచాయి. అలాంటి అంకెని పట్టుకుని వ్యాపారం ఎలా చేస్తామండి?

అయినా ఇంకా నష్టమే కదా అని మీరు అడగొచ్చు. అవును. నా మాట అదే. ఒక్క లీటరు సీసా, ఉచిత డెలివరీ, క్యాష్ ఆన్ డెలివరీ, దాని మీద యాడ్. ఈ నాలుగూ కలిస్తే ఆ 600లో అందరికీ పంచే చోటు లేదు. రెండు మూడు సీసాలు కలిపి ఒకే పెట్టెలో ముందే డబ్బు తీసుకుని పంపితే కొరియర్ ఖర్చు సీసాకి తగ్గుతుంది, యాడ్ ఖర్చు కూడా పంచుకుంటుంది. అప్పుడేమైనా నిలబడొచ్చు. అది కుదరనప్పుడు తెలిసినవాళ్ల ద్వారా, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల ద్వారా నెమ్మదిగా అమ్ముకోవడమే మేలు. అదీ కాకపోతే కొబ్బరిగానే అంబాజీపేటలో వేయడం కూడా సిగ్గుపడే పని కాదు.

యాడ్లు నడుపుతున్నవాళ్లకి ఒకటే అడుగుతున్నాను. ఒక పుస్తకంలో ఈ నెల మొదటి వారం ఆర్డర్లు ఎన్నో రాయండి. వెంటనే లెక్క కట్టొద్దు. నెల రోజులు ఆగండి, తిరిగొచ్చేవన్నీ వచ్చేస్తాయి. అప్పుడు ఆ ఆర్డర్లకి బ్యాంకులో నిజంగా పడిన డబ్బు రాయండి. అందులోంచి పోయిన సీసాల ఖర్చు, కొబ్బరిని ఆనాటి బజారు ధరకే వేసి, తీసేయండి. కొరియర్ పోను రాను ఛార్జీలు తీసేయండి. మిగిలిందాన్ని స్క్రీన్ మీద చూపించిన ఆర్డర్ల సంఖ్యతో భాగించండి. డబ్బు కట్టినవాళ్లతో కాదు, స్క్రీన్ మీదున్న మొత్తం ఆర్డర్లతో. ఒక ఆర్డరు తేవడానికి మీరు యాడ్ మీద పెట్టగలిగిన గరిష్ఠ మొత్తం అదే, పన్నుతో కలిపి. పై లెక్కలో అది 57 రూపాయలు. పెట్టింది 177. ఆర్డరుకి 120 చొప్పున 200 ఆర్డర్లు, అదే ఆ 24,000.

ఈసారి ఎవరైనా ఫోన్ తీసి నాలుగు చూపిస్తే గొడవ పడొద్దు. రెండు ప్రశ్నలు వేయండి చాలు. "ఈ ఆర్డర్లలో ఎన్నింటికి డబ్బు బ్యాంకులో పడింది బాబూ? అన్నీ పోగా కొబ్బరి కిలోకి ఎంత గిట్టింది?" జవాబు చెప్పగలిగితే కూర్చోబెట్టి టీ ఇవ్వండి, అతనికి పని తెలుసు. చెప్పలేకపోతే మీ కొబ్బరి మీ దగ్గరే ఉంచుకోండి.

లెక్కలో తప్పుంటే కింద రాయండి. మీ రేట్లు పెడితే అందరం కలిసి కట్టి చూద్దాం. యాడ్లు పెడుతున్న మీ ఊరి కుర్రాళ్లకి ఈ పోస్టు పంపండి.